పాడైన ముక్క ఖర్చు ఏ ఖాతాలోకి? జాబ్ కాస్టింగ్‌లో తేల్చుకునే పద్ధతి

తుది తనిఖీ బల్ల మీద పది ఇత్తడి బుష్‌లు ఎర్ర రంగు గీతతో పక్కకు జరిగాయి. వాటి పక్కనే పసుపు గీతతో మరో పన్నెండు ఉన్నాయి. ఎర్రవి ఇక పనికిరావు, తుక్కు కింద అమ్ముకోవాలి. పసుపువి మళ్లీ యంత్రం ఎక్కితే మంచివవుతాయి. మొదటిది స్పాయిలేజ్, రెండోది రీవర్క్. తనిఖీదారు పని అక్కడితో అయిపోతుంది. మీ పని అప్పుడే మొదలవుతుంది: ఈ ఖర్చు ఆ జాబు మీద వేయాలా, ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్‌లో కలపాలా, రెండూ కాక నేరుగా నష్టంగా రాయాలా?

చాలాచోట్ల దీనికి జవాబు అలవాటు చెబుతుంది. ముక్క ఏ జాబు కార్డు కింద పాడైతే ఖర్చు ఆ కార్డు మీదే పడుతుంది, లేదంటే అన్నీ కలిపి ఓవర్‌హెడ్‌లోకి పోతాయి. రెండూ తప్పే. ఏ జాబు మీద పాడైందన్నది చోటును చెబుతుంది, కారణాన్ని చెప్పదు. కారణం తెలిస్తేనే ఖాతా తెలుస్తుంది. పై బల్ల మీదున్న సరుకునే తీసుకుని ఈ లెక్క మొదటి నుంచి చివరి దాకా చేసి చూద్దాం. ఏ దేశపు నాణెంలో లెక్కించినా పద్ధతి ఒకటే కాబట్టి ఉత్త అంకెలే ఇస్తాను.

మొదటి పని: ధర చెప్పే రోజునే రాసి పెట్టుకోండి

ఇది 318వ నంబరు జాబు. కొనుగోలుదారుకు 250 మంచి బుష్‌లు కావాలి. ఈ షాపులో మామూలుగా బోరు కొలతకు అటూ ఇటూ 25 మైక్రాన్ల తేడాను అనుమతిస్తారు. ఈ ఆర్డరులో అది 10 మైక్రాన్లే. షాపులో ఉన్న యంత్రాలతో అంత బిగువైన కొలత నిలబెట్టాలంటే కొన్ని ముక్కలు పోవడం ఖాయమని ఫోర్‌మన్‌కు ముందే తెలుసు. అందుకే ధర చెప్పేటప్పుడు అంచనా కాగితం మీద ఒక వాక్యం రాశారు: "బిగువు కొలత వల్ల 250 మంచి ముక్కలకు 6 పోవచ్చు. ఈ నష్టం, ఈ కొలత కోసం చేసే రీవర్కు ఈ జాబువే."

తర్వాతి నిర్ణయాలన్నీ ఆ వాక్యం మీదే ఆధారపడి ఉంటాయి. ముక్కలు పోయాక కూర్చుని ఇది జాబుదా, ఓవర్‌హెడ్‌దా అని తర్కించుకుంటే, ఎవరికి ఏది లాభమో అదే తేలుతుంది. జాబు లాభనష్టాలకు బాధ్యుడైన మేనేజరు ఓవర్‌హెడ్ అంటాడు. షాపు బడ్జెట్ చూసుకునే మేనేజరు జాబు అంటాడు. ఖర్చు మీద శాతం కలిపి చెల్లించే ఒప్పందమైతే షాపులో ఉన్న ప్రతి నష్టమూ ఆ జాబు వైపే నడుచుకుంటూ వెళుతుంది. ముందే రాసిన వాక్యం ఒక్కటే దీన్ని ఆపుతుంది.

నష్టం అంచనాను మంచి ముక్కల మీదే లెక్క కట్టండి, యంత్రం ఎక్కించిన మొత్తం ముక్కల మీద కాదు. మొత్తం మీద లెక్కిస్తే, అనవసరంగా పోయిన ముక్కలు కూడా మొత్తంలో కలిసి అనుమతించే నష్టాన్ని పెంచేస్తాయి. అంటే ఎక్కువ పాడుచేసిన వారికే ఎక్కువ మినహాయింపు దొరుకుతుంది.

రెండో పని: ఓవర్‌హెడ్ రేటును విప్పి చూడండి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఒక్కసారి నిదానంగా చూద్దాం.

ఈ షాపులో ఏడాదికి 20,000 కార్మిక గంటలు ఉంటాయని బడ్జెట్. పాడైన ముక్కల ఊసు లేకుండా మిగిలిన ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్ 11,40,000. గంటకు 57. ఇది మూల రేటు.

ఇక ఏ జాబు మీదైనా జరిగే మామూలు నష్టాలుంటాయి. పనిముట్టు అంచు అరిగిపోతుంది, ముడికడ్డీలో కనిపించని గాలిబుడగ బయటపడుతుంది, యంత్రం వేడెక్కే దాకా మొదటి ముక్క కొలత తప్పుతుంది. ఇవి ఏ ఒక్క జాబు తప్పూ కాదు. యంత్రం మీద ఆ పూట ఏది ఉంటే దాని మీద పడతాయి, అంతే. వీటిని అందరూ పంచుకోవాలి. ఈ ఏడాది 5,000 గంటల పని 318 లాంటి ప్రత్యేక జాబులదని, అవి తమ నష్టాన్ని తామే మోస్తాయని నిర్ణయించారు. మిగిలిన 15,000 గంటల జాబులకు పాడైన ముక్కలు, రీవర్కు కలిపి, తుక్కు విలువ తీసేశాక, 45,000 నష్టం వస్తుందని అంచనా. అంటే గంటకు 3.

కాబట్టి షాపుకు రెండు రేట్లు. నష్టాన్ని పంచుకునే జాబులకు 60, తమ నష్టాన్ని తామే మోసే జాబులకు 57.

ఆ 45,000ను మొత్తం 20,000 గంటలతో భాగించకండి. అలా చేస్తే గంటకు 2.25 వస్తుంది. కానీ ఆ 2.25ను వసూలు చేసేది 15,000 గంటల మీదే కాబట్టి 11,250 ఏ జాబుకూ చేరకుండా మిగిలిపోతుంది. ఏడాది చివర ఓవర్‌హెడ్ తక్కువ పడిందని అందరూ అద్దె, కరెంటు బిల్లులు వెతుకుతారు.

మూడో పని: ముక్క ఎంత దూరం ప్రయాణించిందో చూసి ఖర్చు కట్టండి

ఒక బుష్‌కు ముడిసరుకు 140, ఒక గంట కూలి 100, ఓవర్‌హెడ్ 57, మొత్తం 297. ఈ పది ముక్కలూ తుది తనిఖీలో పట్టుబడ్డాయి కాబట్టి ఒక్కొక్కటీ పూర్తి 297 మింగేసింది. అరగంట పని అయ్యేసరికే పట్టుకుని ఉంటే 140కి 50 కూలి, 28.50 ఓవర్‌హెడ్ కలిపి 218.50తో పోయేది. ముక్కకు 78.50 మిగిలేది. పాడైన ముక్క ఖర్చు అంటే పాడైన క్షణం వరకు అయిన ఖర్చు కాదు, పట్టుబడిన క్షణం వరకు అయిన ఖర్చు. మధ్యలో తనిఖీ పెట్టడం లాభమో కాదో తేల్చడానికి కూడా ఈ తేడాయే ఆధారం.

తుక్కు కింద ముక్కకు 80 వస్తుంది. నష్టాన్ని ఏ ఖాతా మోస్తే ఈ 80 కూడా ఆ ఖాతాకే చెందాలి. నష్టం జాబు మీద వేసి, తుక్కు డబ్బును ఇతర ఆదాయంలో చూపే పుస్తకాలు చాలా చూశాను. అలా చేస్తే జాబు ఖర్చు ఉన్నదానికంటే పెద్దదిగా కనబడుతుంది.

నాలుగో పని: రిజెక్షన్ స్లిప్పులను బల్ల మీద పరచండి

కారణం తేల్చేది ఈ స్లిప్పులే. ముక్క వరుస నంబరు, ఏ ఆపరేషన్‌లో తప్పింది, ఏ షిఫ్టు, ఏ కొలత ఎంత తేడా వచ్చింది అన్న నాలుగు వివరాలు లేని స్లిప్పుతో ఏమీ తేలదు. "సైజు తప్పు" అని రాసి సంతకం పెట్టిన కాగితం ఉన్నా లేనట్టే.

318లో పది స్లిప్పులూ వరుస నంబర్ల ప్రకారం పేర్చారు. ఆరు ముక్కలు 9, 58, 97, 133, 190, 231. ఆరింటిలోనూ బోరు 11 నుంచి 16 మైక్రాన్ల తేడాతో పెద్దదైంది. షాపు మామూలు 25 మైక్రాన్ల కొలతతో చూస్తే ఆరూ మంచి ముక్కలే. ఈ ఆర్డరు కోరిన బిగువే వీటిని పాడుచేసింది. చెదురుగా, ఒకే రకంగా, అంచనా వేసిన సంఖ్యలో పోయాయి.

మిగిలిన నాలుగు ముక్కలు 141, 142, 143, 144. నాలుగూ వరుసవే, షిఫ్టు మారిన వెంటనే చేసినవే. నూనె రంధ్రం తప్పు వైపు పడింది. ఫిక్స్చర్‌ను తిరగేసి బిగించి, మొదటి ముక్క కొలిచి చూడకుండానే పని మొదలుపెట్టారు. 145వ ముక్క దగ్గర ఎవరో గమనించి సరిచేశారు. ఈ తప్పుకూ 10 మైక్రాన్ల కొలతకూ ఏ సంబంధమూ లేదు.

సందేహం వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు వరుసగా వేసుకోండి. మొదటిది: షాపు సరిగ్గా, జాగ్రత్తగా నడిచి ఉంటే ఈ ముక్క పోయేదా? పోయేది కాదంటే అది అసాధారణ నష్టం. అది జాబుదీ కాదు, ఓవర్‌హెడ్‌దీ కాదు. నేరుగా లాభనష్టాల ఖాతాకు వెళుతుంది. పోయేదే అంటే రెండో ప్రశ్న: ఈ యంత్రం మీద ఇదే పూట మామూలు జాబు ఉండి ఉంటే అప్పుడూ ముక్క పోయేదా? పోయేదే అంటే ఓవర్‌హెడ్. పోయేది కాదంటే ఈ జాబు.

ఈ వరుస తిప్పకండి. రెండో ప్రశ్న ముందు వేస్తే, తిరగేసిన ఫిక్స్చర్ ఏ జాబుకైనా జరిగేదే కదా అని నాలుగు ముక్కలూ ఓవర్‌హెడ్‌లోకి జారిపోతాయి. నిర్లక్ష్యాన్ని షాపంతటికీ పంచిపెట్టినట్టవుతుంది. ఐఏఎస్ 2 ప్రమాణం 16వ పేరా కూడా వృథా అయిన ముడిసరుకు, కూలి, ఇతర ఉత్పత్తి ఖర్చుల్లో అసాధారణమైన మొత్తాలను నిల్వ సరుకు విలువలో చేర్చవద్దంటుంది. ఓవర్‌హెడ్‌లో కలిపితే అవి ఇతర జాబుల ద్వారా నిల్వల విలువలోకే చేరతాయి.

ఒక చిక్కు మాత్రం ఉంది. షిఫ్టు మారినప్పుడల్లా ఒకటో రెండో ముక్కలు పోవడం ఆ షాపుకు మామూలే అనే వాళ్లు ఉంటారు. మొదటి ముక్క సెట్టింగ్ కోసం పోవడం మామూలని నేనూ ఒప్పుకుంటాను, అది బడ్జెట్‌లో ఉండాలి కూడా. కానీ మొదటి ముక్కను కొలవకుండా నాలుగు చేసుకుంటూ పోవడం తరచు జరుగుతుందన్నంత మాత్రాన మామూలు కాదు. తరచుగా జరిగే నిర్లక్ష్యం కూడా నిర్లక్ష్యమే.

అయిదో పని: పద్దులు రాయండి

మొదట 256 ముక్కలు ఎక్కించారు, 250కి అంచనా నష్టం 6 కలిపి. ఫిక్స్చర్ వల్ల నాలుగు తగ్గేసరికి మరో నాలుగు చేయాల్సి వచ్చింది. మొత్తం 260. ఒక్కొక్కటి 297 చొప్పున జాబు కార్డు మీద పడినది 77,220.

ముందు అసాధారణమైన నాలుగు. 4 × 297 = 1,188. తుక్కు విలువ 320. మిగిలిన 868 నష్టం.

అసాధారణ స్పాయిలేజ్ నష్టం ఖాతా, డెబిట్ 868
తుక్కు నిల్వ ఖాతా, డెబిట్ 320
కొనసాగుతున్న పని ఖాతా (జాబు 318), క్రెడిట్ 1,188

తర్వాత జాబు మోయాల్సిన ఆరు. ఇక్కడ ఖర్చును కదిలించే పని లేదు, అది జాబు మీదే ఉంది, అక్కడే ఉండాలి. తుక్కు విలువను మాత్రం తీసేయాలి. 6 × 80 = 480.

తుక్కు నిల్వ ఖాతా, డెబిట్ 480
కొనసాగుతున్న పని ఖాతా (జాబు 318), క్రెడిట్ 480

జాబు మీద మిగిలినది 75,552. అంటే పాడైన ఆరు ముక్కల ఖర్చును 250 మంచి ముక్కలు పంచుకున్నాయి.

ఇదే సరుకు మామూలు కొలతతో చేసిన జాబుదై, పది ముక్కలూ షాపు మామూలు కారణాలతో పోయి ఉంటే లెక్క వేరుగా ఉండేది. అప్పుడు రేటు 60, ముక్కకు 300, మొత్తం 78,000. పది ముక్కల ఖర్చు 3,000 జాబు నుంచి బయటికి తీస్తారు. అందులో 800 తుక్కు నిల్వకు, 2,200 ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్ కంట్రోల్ ఖాతాకు డెబిట్ అవుతుంది. జాబు మీద 75,000 మిగులుతుంది, ముక్కకు కచ్చితంగా 300. పది పోయినా, ఒక్కటీ పోకపోయినా ఆ 300 మారదు. ఎందుకంటే ఈ జాబు తన వంతు నష్టాన్ని గంటకు 3 చొప్పున అప్పటికే కట్టేసింది.

ఆ చివరి మాట పట్టుకుంటే జంట వసూలు ఎక్కడ జరుగుతుందో కనబడుతుంది. 60 రేటుతో ఖర్చు వేసి, ఆపైన పాడైన ముక్కలనూ జాబు మీదే ఉంచితే 78,000 నుంచి తుక్కు 800 పోను 77,200 అవుతుంది. 57 రేటుతో ఇదే చేస్తే 76,420. తేడా 780, అంటే 260 గంటలకు గంటకు 3. ఇతరుల నష్టంలో వాటా కట్టించి, తన నష్టం మొత్తం కూడా కట్టించినట్టు. గోరుచుట్టు మీద రోకటిపోటు. జాబు కార్డులో ఇది పట్టుబడదు, ఎందుకంటే అక్కడ ప్రతి పద్దూ విడిగా సరిగ్గానే ఉంటుంది. పట్టుకోవాలంటే తమ నష్టం తామే మోసే జాబుల జాబితా తీసి, ఒక్కొక్కదానికీ ఏ రేటు పడిందో చూడటమే దారి.

ఆరో పని: పసుపు గీతవి

రీవర్కుకూ అవే రెండు ప్రశ్నలు, అవే మూడు ఖాతాలు. తేడా ఒక్కటే. పాడైన ముక్కలో అయిపోయిన ఖర్చును ఎక్కడికో పంపుతాం. రీవర్కులో ముక్క తొలి ఖర్చు జాబు మీదే ఉండిపోతుంది, అదనంగా పెట్టే ఖర్చుకు మాత్రమే చోటు వెతుకుతాం.

ఈ పన్నెండు ముక్కలకూ బోరు కొద్దిగా చిన్నదిగా ఉంది, మళ్లీ హోనింగ్ చేయాలి. చిన్న బోరును పెద్దది చేయొచ్చు, పెద్ద బోరును చిన్నది చేయలేం. అందుకే అవి ఎర్ర, ఇవి పసుపు. ముక్కకు పావుగంట పడుతుంది. కారణం మళ్లీ ఆ 10 మైక్రాన్ల బిగువే. పావుగంట కూలి 25, ఓవర్‌హెడ్ 14.25, కలిపి 39.25. పన్నెండుకు 471. ఇది జాబు 318 కొనసాగుతున్న పని ఖాతాకు డెబిట్. కూలి భాగం 300 వేతనాల ఖాతాకు, 171 వినియోగించిన ఓవర్‌హెడ్ ఖాతాకు క్రెడిట్. షాపు మామూలు రీవర్కై ఉంటే ఇదే తరహా పద్దులో డెబిట్ ఒక్కటే ఓవర్‌హెడ్ కంట్రోల్ ఖాతాకు మారేది. నిర్లక్ష్యం వల్ల వచ్చి ఉంటే నష్టం ఖాతాకు.

రీవర్కు గంటలను వేరే సమయ కార్డు మీద రాయించండి. నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువగా దాక్కునే ఖర్చు ఇదే. కార్మికుడు అదే జాబు నంబరు వేసి మూడు గంటలు అదనంగా రాస్తాడు, జాబు కాస్త నెమ్మదిగా సాగిందని అందరూ అనుకుంటారు, రీవర్కు జరిగినట్టు ఎక్కడా మిగలదు. జాబు కార్డులో కూలి గంటలు అంచనా దాటి, ముడిసరుకు మాత్రం అంచనాలోనే ఉంటే ముందు దాన్నే అనుమానించండి.

ఇప్పుడు జాబు మొత్తం: 75,552కు 471 కలిపితే 76,023. ముక్కకు 304.09. తర్వాతి సారి ఇదే కొలతతో ఆర్డరు వస్తే ధర చెప్పడానికి ఆధారం ఇదే అంకె. ఫిక్స్చర్ వల్ల పోయిన 868 ఇందులో లేదు, ఉండకూడదు. ఒకచోట నేను చేరేసరికి, యంత్రం బేరింగ్ విరిగిన వారం పాడైన సరుకంతా అప్పుడు యంత్రం మీదున్న జాబుకే రాసి ఉంది. మరుసటి ఆర్డరుకు ఆ ఖర్చు చూసే ధర పెంచారు. కొనుగోలుదారు వేరే చోటు చూసుకున్నారు. బేరింగ్ మార్చి అప్పటికే నెలలయింది.

అంచనా దాటినప్పుడు

బిగువు కొలత వల్లే ఆరు కాక తొమ్మిది పోయి ఉంటే? వేరే ఏ కారణమూ స్లిప్పుల్లో కనబడకపోతే, ముందే రాసుకున్న ఆరు వరకు జాబుకు, మిగతా మూడు అసాధారణ నష్టానికి వేయడం వాడుకలో ఉన్న పద్ధతి. ఈ రకం పని ముందెన్నడూ చేయని షాపులో ఆ ఆరు అనే అంకే తప్పు కావచ్చు. అప్పుడు పద్దు అలాగే రాసి, తర్వాతి అంచనాను తొమ్మిదికి సవరించండి. పాత అంచనా కాగితాన్ని మాత్రం వెనక్కి వెళ్లి దిద్దకండి.

ఓవర్‌హెడ్ వైపు నెలకోసారి చూడాల్సింది ఒకటుంది. నష్టాన్ని పంచుకునే జాబులు ఈ నెల 1,250 గంటలు నడిస్తే వాటి నుంచి నష్టం వాటాగా వచ్చినది 3,750. అదే నెలలో ఓవర్‌హెడ్ కంట్రోల్‌లో పడిన స్పాయిలేజ్, రీవర్కు డెబిట్లు 5,900 ఉన్నాయనుకోండి. ఒక నెలకు అది పెద్ద విషయం కాదు. వరుసగా మూడు నెలలు అలాగే ఉంటే మాత్రం ఆ డెబిట్ల వెనుక ఉన్న రిజెక్షన్ స్లిప్పులు తీసి నంబర్ల వరుసలో పేర్చండి. 141, 142, 143, 144 లాంటి వరుసలు దొరికితే, నష్టం ఖాతాలో ఉండాల్సినవి అక్కడ చేరి కూర్చున్నాయని అర్థం. వరుసలు దొరక్క, అన్నీ చెదురుగానే ఉంటే గంటకు 3 చాలడం లేదు, రేటు సవరించాలి.